సెలవుల క్రికెట్ క్యాంపుకి క్యాప్షన్: ‘ట్రయల్’ అన్న ఒక్క మాట దగ్గరే తేడా కొడుతోంది

ప్రశ్న: అమలాపురం దగ్గర చిన్న క్రికెట్ అకాడమీ నడుపుతున్నానండి. రెండు నెట్లు, నాతో కలిపి ఇద్దరు కోచ్‌లం. 2026 మే నెల సెలవుల క్యాంపుకి ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్‌లో పెట్టడానికి క్యాప్షన్ కావాలి. బ్యాచ్ టైమింగ్స్, ఫీజు, ట్రయల్ సెషన్ అన్నీ అందులో రావాలి. పోయినేడు “సమ్మర్ కోచింగ్ క్యాంప్, అనుభవజ్ఞులైన కోచ్‌లు, ఫ్రీ ట్రయల్స్, అతి తక్కువ ఫీజు, త్వరపడండి” అని పెట్టాను. ఫోన్లు బోలెడొచ్చాయి, చేరింది పదకొండు మంది. ఫీజు నెలకి 2,500, రిజిస్ట్రేషన్ 300, టీషర్ట్ 400. ఎలా రాయాలో ఎవరైనా చెప్పండి.

జవాబు:

ఫోన్లు బోలెడొచ్చి, చేరేవాళ్లు తక్కువైతే ఫీజు ఎక్కువైందేమో అనుకుంటాం. చాలాసార్లు సంగతి అది కాదండి. క్యాప్షన్ చదివాక కూడా అడగాల్సింది మిగిలిపోయింది కాబట్టే అన్ని ఫోన్లు వచ్చాయి. పశ్చిమ గోదావరి వైపు పద్నాలుగేళ్లుగా వేసవి క్యాంపులు పెడుతున్నాను. మొదటి మూడు నాలుగేళ్లు నేనూ అచ్చం మీలాగే రాశాను. నాకు బాగా దెబ్బ కొట్టిన మాట మీ క్యాప్షన్‌లోనూ ఉంది, అందుకే దాంతోనే మొదలుపెడతాను.

ఆ మాట ‘ఫ్రీ ట్రయల్స్’. మన ఉద్దేశం ఏమిటంటే, ఒకరోజు ఊరికే వచ్చి ఆడి చూడండి, నచ్చితే చేరండి అని. కానీ క్రికెట్ తెలిసినవాళ్ల చెవికి ట్రయల్స్ అంటే సెలక్షన్లే. జిల్లా అండర్-14, అండర్-16 జట్లకి పిల్లల్ని ఎంచుకునే రోజునే ట్రయల్స్ అంటారు. ఒక ఏడు నేను పోస్టర్ మీద ‘ఆదివారం ఉదయం ఫ్రీ ట్రయల్స్’ అని పెద్దక్షరాలతో వేయించాను. ఆ ఆదివారం యాభై మంది దాకా దిగారు, అందులో సగం మంది మీసాలొచ్చినవాళ్లే. తెల్ల ప్యాంట్లు, భుజాన కిట్ బ్యాగులు. నరసాపురం నుంచి మొదటి బస్సుకి వచ్చిన కుర్రాడు ఒకడు “ఎంతమందిని తీసుకుంటారండి? ఫాస్ట్ బౌలర్లకి ఎన్ని ఖాళీలున్నాయండి?” అని అడిగాడు. ఇది చిన్నపిల్లల క్యాంపు నాయనా అని చెప్పేసరికి వాడి మొహం చూడలేకపోయాను.

అంతకంటే పెద్ద నష్టం వారం తర్వాత తెలిసింది. మా వీధిలో ఎనిమిదేళ్ల పిల్లాడున్నాడు, పొద్దస్తమానం గోడకి బంతి కొడుతూనే ఉంటాడు. వాళ్లమ్మని “మీవాణ్ణి పంపలేదేమ్మా?” అని అడిగితే, “మావాడికి సరిగ్గా పట్టుకోవడం కూడా రాదు కదండీ, అంతమందిలో నిలబెట్టి వద్దంటే ఏడుస్తాడని పంపలేదు” అంది. అంటే నాకు కావలసినవాళ్లు భయపడి ఆగిపోయారు, అక్కర్లేనివాళ్లు ఆశపడి వచ్చారు. ఒక్క మాట రెండు వైపులా తప్పు మనుషులకి చేరింది.

అందుకని ట్రయల్ అన్న మాట తీసేసి పని చెప్పండి: ‘ముందు ఒకరోజు ఉచితంగా వచ్చి ఆడి చూడండి. ఇది సెలక్షన్ కాదు, ఆట రానివాళ్లూ రావచ్చు.’ ఈ రెండు వాక్యాలు మీ క్యాప్షన్‌లో ఇంకే మాటకన్నా ఎక్కువ పని చేస్తాయి. వాటి పక్కనే తేదీ, గంట, ఏం తెచ్చుకోవాలో రాయండి. ‘ఎప్పుడైనా రావచ్చు’ అని మాత్రం రాయకండి. ఎప్పుడైనా రావచ్చంటే ఎవరూ రారు. వచ్చిన ఒకరిద్దరూ మీరు నెట్స్‌లో తలమునకలై ఉన్నప్పుడు వస్తారు.

ఆ ఉచితం రోజుని ఏ టైముకి పెట్టాలన్నది కూడా నేను ఆలస్యంగానే నేర్చుకున్నాను. అందరికీ వీలుగా ఉంటుందని సాయంత్రం ఐదింటికి పెట్టేవాణ్ణి. పిల్లలు హుషారుగా ఆడేవారు, తండ్రులు అక్కడికక్కడే ఉదయం బ్యాచ్‌కి డబ్బు కట్టేసేవారు. మూడో రోజుకల్లా ముగ్గురు నలుగురు మానేసేవారు. అయిదింటికి లేవడం ఆ పిల్లాడి వల్ల కాదు, వాణ్ణి దింపడం ఆ తండ్రి వల్లా కాదు. ఇప్పుడు ఏ బ్యాచ్‌లో చేరాలనుకుంటున్నారో ఆ బ్యాచ్ టైముకే రమ్మంటాను. 5:45కి గ్రౌండ్‌లో ఉండగలిగారా లేదా అన్నది వాళ్లకీ తేలిపోతుంది, నాకూ తేలిపోతుంది. ఆరోజు డబ్బు తీసుకోను. ఇంటికెళ్లి మాట్లాడుకుని రేపు చెప్పండి అంటాను.

ఇక ఫీజు. ‘అతి తక్కువ ఫీజు’ అని రాస్తే ఎవరూ నమ్మరు సరికదా, ‘ఫీజెంతండి?’ అని ఫోన్ చేస్తారు. మీరు 2,500 అంటారు. వాళ్లు ఆ అంకె మనసులో పెట్టుకుని గ్రౌండ్‌కి వస్తారు. అక్కడ రిజిస్ట్రేషన్ 300, టీషర్ట్ 400 అనగానే 3,200 అవుతుంది. ఏడు వందలు పెద్ద మొత్తమని కాదు, ముందు చెప్పలేదన్న చిరాకు. ఆ తర్వాత “ఇంకా ఏమైనా ఉన్నాయాండి?” అని నవ్వుతూ అడుగుతారు చూడండి, అక్కడ నమ్మకం కాస్త పోయినట్టే లెక్క. మొత్తం 3,200 అని మొదటి లైన్లోనే రాసేయండి. పక్క అకాడమీవాళ్లు చూస్తారని కొందరు ఫీజు దాస్తారు. వాళ్లకి ఎలాగూ తెలుస్తుందండి, మన ఊళ్లలో ఏ విషయం దాగింది గనక.

నెల ఫీజు ఒక్కటే పెడితే మన డెల్టాలో ఇంకో చిక్కుంది. మే నెలలో పిల్లలు ఉన్నచోట ఉండరు. మీ ఊరి పిల్లలు సగం నెల అమ్మమ్మగారింటికి పోతారు. హైదరాబాద్, విశాఖలో చదివే పిల్లలు పది పదిహేను రోజులకి అమ్మమ్మగారింటికని మీ ఊరు వస్తారు. ‘నెలకి’ అన్న మాట చూసి ఈ రెండు రకాలవాళ్లూ పక్కకి తప్పుకుంటారు. పోయినేడు ఫోన్ చేసినవాళ్లలో “పదిహేను రోజులైతే ఎంతండి?” అని అడిగినవాళ్లు ఎంతమందో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఈ ఏడు క్యాలెండర్ మీకు బాగా కలిసొచ్చింది. 2026 మే 1 శుక్రవారం. ఆదివారాలు 3, 10, 17, 24, 31 తేదీల్లో పడ్డాయి. ఆదివారం సెలవిస్తే 1 నుంచి 15 వరకు 13 రోజులు, 16 నుంచి 30 వరకు మళ్లీ 13 రోజులు. నెలని సరిగ్గా మధ్యకి చీల్చవచ్చు. మీ 2,500ని 26 రోజులకి పంచితే రోజుకి 96 రూపాయలు వస్తుంది. 13 రోజులకి 1,250, దానికి రిజిస్ట్రేషన్, టీషర్ట్ కలిపితే 1,950. దాన్ని 2,000 చేయండి. ఆ యాభై అడగడం తప్పు కాదు, 16వ తేదీన కొత్తగా వచ్చినవాడికి బ్యాట్ పట్టుకోవడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సింది మీరే కదా. ఒకే సీటులో సగం నెల ఒకరు, తర్వాతి సగం ఇంకొకరు చేరితే మీకు వచ్చేది 4,000. అలా అని సగం నెలవాళ్లతోనే బ్యాచ్ నింపేయకండి. నెలంతా ఉండే పిల్లలకి రెండోసారి మొదటి పాఠాలే వినాల్సి వస్తుంది, వాళ్ల తల్లిదండ్రులు అది గమనిస్తారు. నేను ఇరవై సీట్లలో ఆరు దాటనివ్వను.

ఇరవై అన్న అంకె నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను, ఎందుకంటే ‘పరిమిత సీట్లు’ అన్న మాట అందరూ ఊరికే వాడేసి దానికి విలువ లేకుండా చేశారు. రెండు గంటల సెషన్ తీసుకోండి. ఇరవై నిమిషాలు పరుగు, వార్మప్. ఇరవై నిమిషాలు క్యాచింగ్, ఫీల్డింగ్. చివర పది నిమిషాలు ఒళ్లు చల్లబరుచుకోవడం, సామాను సర్దడం. నెట్స్‌కి మిగిలేది 70 నిమిషాలు. ఒక్కో పిల్లాడికి ఏడు నిమిషాల బ్యాటింగ్ ఇవ్వాలంటే ఒక నెట్‌లో పదిమందే పడతారు, మీ రెండు నెట్లలో ఇరవై మంది. ముప్పై అయిదు మందిని తీసుకుంటే తలా నాలుగు నిమిషాలు వస్తుంది. ప్యాడ్లు కట్టుకోవడానికే అంత టైము పడుతుంది. చెట్టుకింద బైకు మీద కూర్చున్న నాన్న సెల్‌ఫోన్ చూస్తున్నట్టే ఉంటాడు గానీ, వాళ్లవాడికి ఎన్ని బంతులు పడ్డాయో లెక్కపెడుతూనే ఉంటాడు. ‘బ్యాచ్‌కి 20 మందే’ అని రాసి, ఇరవై ఒకటోవాడు వస్తే లేదని చెప్పగలిగితేనే ఆ లైను పెట్టండి.

టైమింగ్స్ విషయంలో మనకి నచ్చిన గంటలు కాదు, ఎండ ఒప్పుకున్న గంటలు రాయాలి. మే మధ్యలో మనవైపు సూర్యోదయం అయిదున్నర ప్రాంతంలో, అస్తమయం ఆరున్నరకి కాస్త ముందు. ఉదయం ఎనిమిది దాటితే ఎండకంటే ఉక్కపోత ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఒంటి చెమట ఆరదు, చిన్నపిల్లలు తొందరగా సొమ్మసిల్లుతారు. కాబట్టి ఉదయం 5:45 నుంచి 7:45. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టే అకాడమీలున్నాయి గానీ, అప్పటికి మ్యాట్ కింద సిమెంట్ ఇంకా సెగలు కక్కుతూనే ఉంటుంది. 4:45కి మొదలుపెట్టి మొదటి పావుగంట చెట్టునీడలో క్యాచ్‌లు పట్టించండి. కోనసీమలో మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి తిరుగుతుంది కాబట్టి అయిదింటికల్లా కాస్త ఊపిరాడుతుంది. 6:15కి ముగించేయండి.

ఎవరు ఉదయం, ఎవరు సాయంత్రం అన్నది వయసుతో పాటు బంతిని బట్టి కూడా తేల్చుకోండి. లెదర్ బాల్‌కి వెలుతురు పూర్తిగా ఉండాలి. సాయంత్రం ఆరు దాటాక ఎర్రబంతి నెట్ నీడలో కలిసిపోతుంది, పిల్లాడికి కనబడేసరికి మొహం దగ్గరికి వచ్చేస్తుంది. టెన్నిస్ బాల్‌తో ఆ ప్రమాదం లేదు. అందుకే 12 నుంచి 16 ఏళ్లవాళ్లని లెదర్ బాల్‌తో ఉదయం పెట్టండి, 7 నుంచి 11 ఏళ్లవాళ్లని టెన్నిస్ బాల్‌తో సాయంత్రం పెట్టండి. ‘ఏ బంతి?’ అన్నది క్యాప్షన్‌లో తప్పకుండా ఉండాలి. దాళ్వా కోతలైపోయాక మన పిల్లలంతా ఎండిన చేలల్లో టెన్నిస్ బాల్‌తోనే ఆడతారు, వాళ్ల అమ్మలకి లెదర్ బాల్ అంటే దెబ్బలనే తెలుసు. ఏడేళ్లవాడికి టెన్నిస్ బాలే అని రాసి ఉంటే సగం భయం అక్కడే పోతుంది. లెదర్ బంతుల్లోనూ తేడా ఉందని మీకు తెలిసే ఉంటుంది. పెద్దవాళ్ల బంతి 156 నుంచి 163 గ్రాములు, 13 ఏళ్లలోపు పిల్లలకి 133 నుంచి 144 గ్రాముల చిన్న బంతి. పన్నెండేళ్లవాళ్లకి రెండోదే వాడండి. ఇది క్యాప్షన్‌లో రాయనక్కర్లేదు, ఆరోజు వచ్చిన తండ్రికి చేతిలో పెట్టి చూపించండి.

ఇప్పుడు క్యాప్షన్:

> మే 1–30 క్రికెట్ క్యాంపు, అమలాపురం. 7–16 ఏళ్ల పిల్లలకు. మొత్తం ఫీజు ₹3,200.
>
> ముందు ఒకరోజు ఉచితంగా వచ్చి ఆడి చూడండి. ఇది సెలక్షన్ కాదు, ఆట రానివాళ్లూ రావచ్చు. ఏప్రిల్ 26 ఆదివారం. 12–16 ఏళ్లవాళ్లు ఉదయం 5:45కి, 7–11 ఏళ్లవాళ్లు సాయంత్రం 4:45కి. బూట్లు, టోపీ, మంచినీళ్ల సీసా తెచ్చుకుంటే చాలు.
>
> ఉదయం బ్యాచ్ 5:45–7:45 | 12–16 ఏళ్లు | లెదర్ బాల్
> సాయంత్రం బ్యాచ్ 4:45–6:15 | 7–11 ఏళ్లు | టెన్నిస్ బాల్
> సోమవారం నుంచి శనివారం వరకు. బ్యాచ్‌కి 20 మందే. ఆడపిల్లలూ చేరవచ్చు.
>
> నెలంతా (26 రోజులు) ₹3,200
> సగం నెల (మే 1–15 లేదా 16–30, 13 రోజులు) ₹2,000
> రిజిస్ట్రేషన్, టీషర్ట్ ఇందులోనే. ఇంకేమీ కట్టక్కర్లేదు. సెలవులకి ఊరొచ్చిన పిల్లలు సగం నెల చేరవచ్చు.
>
> ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్, బంతులు మేమే ఇస్తాం. లెదర్ బాల్ ఆడేవాళ్లు గార్డు మాత్రం సొంతది తెచ్చుకోవాలి. వానకి క్లాసు పోతే ఆదివారం పెడతాం.
>
> గ్రౌండ్: (ఊరు, బస్సు దిగే చోటు, దగ్గరి గుర్తు)
> పిల్లల పేరు, వయసు వాట్సాప్ చేయండి: (నంబరు)

ఇందులో ‘అనుభవజ్ఞులైన కోచ్‌లు’ లేరు, ‘త్వరపడండి’ లేదు. కావాలంటే కోచ్ గురించి ఒక్క లైను కలపండి, అది నిజంగా చెప్పుకోదగ్గదై ఉండాలి: ఎన్నేళ్లుగా నేర్పిస్తున్నారు, ఏ స్థాయిలో ఆడారు, అంతే. ‘జిల్లా జట్టులో సెలక్షన్ గ్యారంటీ’ లాంటివి పొరపాటున కూడా వద్దు. ఒకటి, అది మన చేతిలో లేదు. రెండు, తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు చేయవచ్చు. ఆంధ్రా క్రికెట్ అసోసియేషన్ లోగో, బీసీసీఐ లోగో అనుమతి లేకుండా పోస్టర్ మీద వేయకండి. మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి ఫొటో వేస్తే బాగుంటుందని డిజైనింగ్ కుర్రాడు సలహా ఇస్తాడు. ఆయన మీ క్యాంపుకి వస్తున్నాడని జనం అనుకుంటారు. మీ నెట్స్ ఫొటో వేయండి, పిల్లల మొహాలు కనబడితే వాళ్ల అమ్మానాన్నల్ని ముందు అడగండి.

మొదటి లైను ఎందుకంత పొడిగా ఉందంటే, ఇన్‌స్టాలో క్యాప్షన్ 2,200 అక్షరాల దాకా రాయనిస్తుంది గానీ, ఫోన్‌లో పోస్టు కింద మొదట కనబడేది సుమారు 125 అక్షరాలు, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. తెలుగులో ఇంకో తిరకాసుంది. కంటికి మూడక్షరాలుగా కనబడే ‘క్రికెట్’ని ఫోను ఎనిమిదిగా లెక్కపెడుతుంది, ఒత్తులు, గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి. పైన రాసిన మొదటి లైను ఆ లెక్కన ఖాళీలతో కలిపి 75 వస్తుంది. ఏమిటి, ఎక్కడ, ఎవరికి, ఎంత అన్నవి నొక్కకుండానే తెలిసిపోతాయి. ‘ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం, వేసవి సెలవులు వచ్చేశాయి’ అని మొదలుపెడితే ఆ చోటు నమస్కారానికే పోతుంది.

వాట్సాప్‌లో మాత్రం ఇంత పొడుగు పెట్టకండి. అక్కడ మీ పోస్టు గ్రూపు నుంచి గ్రూపుకి తిరుగుతుంది, బొమ్మ ఒక్కటే పోయి కింది రాత ఊడిపోవడం మామూలే. తేదీలు, రెండు టైములు, మొత్తం ఫీజు, ఉచితం రోజు, నంబరు, ఈ అయిదూ పోస్టర్ బొమ్మ మీదే ఉండాలి. రాతలో మొదటి రెండు పేరాలు, ఒక లింకు పెడితే చాలు:

```
https://wa.me/91XXXXXXXXXX?text=CAMP
```

X ల చోట మీ నంబరు పెట్టండి. నొక్కగానే మీ చాట్ తెరుచుకుని CAMP అన్న మాట టైపై ఉంటుంది, వాళ్లు పంపడమే తరువాయి. నంబరు సేవ్ చేసుకోవడానికి బద్ధకించేవాళ్లు కూడా దీన్ని నొక్కుతారు. ఇన్‌స్టా క్యాప్షన్‌లో ఈ లింకు పనిచేయదు, అక్కడ దీన్ని మీ బయోలో పెట్టుకోండి.

మెసేజ్ వచ్చాక పైన ఉన్న క్యాప్షనే మళ్లీ పంపకండి. “బాబు వయసెంతండి? ఇంతకుముందు ఆడాడా?” అని రెండే ప్రశ్నలు అడగండి. పదేళ్లవాడంటే “26న సాయంత్రం 4:45కి తీసుకురండి, ఎనిమిది మంది పిల్లలతో ముప్పావుగంట ఆడిస్తాం” అని చెప్పండి. ఎనిమిది మంది చొప్పున గుంపు చేస్తే ఆరోజు ప్రతి పిల్లాణ్ణీ మీరు పేరుతో పిలవగలుగుతారు. వెళ్లేటప్పుడు తండ్రి తప్పకుండా “ఎలా ఆడాడండి?” అంటాడు. బాగా ఆడాడని అందరికీ ఒకే మాట చెప్పకండి. “బంతిని బాగా చూస్తున్నాడు, కానీ కింది చెయ్యి గట్టిగా పట్టేస్తున్నాడు, అందుకే షాట్ గాల్లోకి లేస్తోంది” అంటే, మీరు వాణ్ణి చూశారని ఆయనకి తెలుస్తుంది. పన్నెండేళ్లు నిండబోతున్నవాడు ఏ బ్యాచ్ అని కూడా అడుగుతారు. ఇంతవరకు లెదర్ బాల్ ముట్టుకోకపోతే మొదటి సగం నెల సాయంత్రం బ్యాచ్‌లో ఉంచి, 16 నుంచి ఉదయానికి మార్చండి. ఇలాంటివి క్యాప్షన్‌లో ఇరికించకుండా నోటితో చెప్పడమే మేలు.

పోస్టు ఎప్పుడు పెట్టాలంటే, ఉచితం రోజుకి పది పన్నెండు రోజుల ముందు ఒకసారి, రెండ్రోజుల ముందు ఇంకోసారి. మరీ ముందు పెడితే పిల్లలకి పరీక్షలు, పెద్దలకి కోతల హడావిడి, చూసినవాళ్లు కూడా మర్చిపోతారు.

ఇదే క్యాప్షన్ దాచుకుని దసరా సెలవులకి తేదీలు మార్చి పెట్టేద్దామనుకుంటారేమో, సాయంత్రం టైము కూడా మార్చాలి. అక్టోబరు మొదట్లో మనకి ఆరింటికి ముందే, 5:45 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. ఒకసారి నేను వేసవి టైములే ఉంచేశాను, చివరి అరగంట పిల్లలు బంతి వెతుక్కోవడమే సరిపోయింది.

ఒక బ్యాచ్ నిండగానే ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో మొదటి లైను సవరించి ‘ఉదయం బ్యాచ్ నిండింది, సాయంత్రం 6 సీట్లున్నాయి’ అని పెట్టండి. వాట్సాప్‌లో పంపిన పదిహేను నిమిషాల తర్వాత దిద్దడానికి కుదరదు, పైగా గ్రూపుల్లోకి వెళ్లిపోయిన బొమ్మలు తిరిగి రావు. నా పాత పోస్టర్ ఒకటి రెండేళ్ల తర్వాత ఎవరో ఫార్వర్డ్ చేస్తే, పాలకొల్లు నుంచి ఒకాయన వచ్చి పాత ఫీజే కడతానని కూర్చున్నాడు. ఆయన తప్పేం లేదు, బొమ్మ మీద ఏడాది లేదు. అందుకని పోస్టర్ మీద తేదీ పక్కనే 2026 అని స్పష్టంగా వేయించండి.